తప్పు జీఎస్టీ నంబర్‌తో బిల్లు వచ్చినప్పుడు: వెండర్‌కు మెయిల్ ఎలా రాయాలి, జవాబు వచ్చాక ఏం చూడాలి

హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఆఫీసులున్న ప్రతి కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌కీ ఈ సమస్య తెలుసు. సరుకు దిగింది జీడిమెట్ల గోదాములో. బిల్లు మీద పడిన జీఎస్టీ నంబర్ విజయవాడ బ్రాంచ్‌ది. కంపెనీ ఒకటే, పాన్ ఒకటే, పేరు ఒకటే. అందుకే బిల్లు చూసిన మొదటి ముగ్గురి కంటికీ తప్పు కనపడదు. నాలుగో మనిషి, అంటే ఎంట్రీ కొట్టే అకౌంట్స్ క్లర్క్, పట్టుకుంటే సరి. లేకపోతే నెల తర్వాత, మనకు రావాల్సిన పన్ను క్రెడిట్ల జాబితా అయిన జీఎస్టీఆర్-2బి చూసినప్పుడు క్రెడిట్ ఏదని వెతుక్కోవాలి.

జీఎస్టీ చట్టం దృష్టిలో ఒకే కంపెనీకి రెండు రాష్ట్రాల్లో ఉన్న రిజిస్ట్రేషన్లు ఇద్దరు వేర్వేరు వ్యక్తుల కింద లెక్క. కాబట్టి ‘ఎలాగూ మన కంపెనీయే కదా, విజయవాడ వాళ్లు క్రెడిట్ తీసుకుంటారులే’ అనడం కుదరదు. సరుకు వాళ్లకు అందలేదు, వాళ్లు తీసుకోకూడదు. మనకు అందింది, కానీ బిల్లు మన నంబర్ మీద లేదు కాబట్టి మనమూ తీసుకోలేం. బిల్లులో చిన్నాచితకా వివరాలు లోపించినా క్రెడిట్ ఇవ్వొచ్చని సీజీఎస్టీ రూల్స్‌లోని 36వ నియమం కొంత వెసులుబాటు ఇస్తుంది గానీ, తప్పకుండా ఉండాల్సినవాటిలో అమ్మినవారి, కొన్నవారి జీఎస్టీ నంబర్లు రెండూ ఉన్నాయి. ఇక్కడ సర్దుబాటు లేదు.

వెండర్‌కు మెయిల్ పెట్టాల్సిందే. ‘బిల్లులో జీఎస్టీ నంబర్ తప్పుంది, మార్చి పంపగలరు’ అని ఒక్క ముక్క రాసి పంపితే మాత్రం చాలాసార్లు పని చెడుతుంది. ఎందుకంటే బిల్లు పుట్టి ఎంతసేపైంది అన్నదాన్ని బట్టి వెండర్ చేయాల్సిన పని మారిపోతుంది. మెయిల్‌లో మనం అడిగేది ఆ గడియారానికి సరిపోవాలి.

ఈ వ్యాసమంతా ఒకే కేసు మీద నడుపుతాను. బాలానగర్ వెండర్ ఒకరు స్టీల్ ర్యాక్‌లు సప్లై చేశారు. పన్ను కాక ₹2,40,000, దానిమీద 18 శాతం పన్ను ₹43,200, మొత్తం ₹2,83,200. బిల్లు తేదీ 18-06-2025. సరుకు 19న జీడిమెట్ల చేరింది. క్లర్క్ తప్పు పట్టుకున్నది 21న. వెండర్ ఈ-ఇన్వాయిస్ పరిధిలో ఉన్నవారే. అంటే టర్నోవర్ ₹5 కోట్లు దాటింది, బిల్లు మీద పోర్టల్ ఇచ్చే ఐఆర్ఎన్ అనే గుర్తింపు సంఖ్య, క్యూఆర్ కోడ్ ఉంటాయి. కింద వచ్చే జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబర్లు కల్పితం.

మొదటి అడుగు: నంబర్‌ను ముక్కలుగా చదవండి

జీఎస్టీ నంబర్‌లో 15 అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది పాన్. పదమూడోది ఆ రాష్ట్రంలో ఆ పాన్ మీద ఎన్నో రిజిస్ట్రేషనో చెబుతుంది. పద్నాలుగోది మామూలుగా Z. చివరిది చెక్ డిజిట్, ముందున్న 14 అక్షరాలతో లెక్క కట్టి వచ్చేది.

మన కేసులో రెండు నంబర్లూ ఇలా ఉన్నాయి.

```
బిల్లులో ఉన్నది   : 37AAACB0000B1ZU
ఉండాల్సినది      : 36AAACB0000B1ZW
```

తేడా ముందున్న 37 దగ్గరే కాదు, చివరి అక్షరంలో కూడా ఉంది. రాష్ట్రం కోడ్ మారితే చెక్ డిజిట్ కూడా మారుతుంది. ఫోన్‌లో ‘37 తీసేసి 36 పెట్టండి, అంతే’ అని చెబితే వెండర్ అక్షరాలా అదే చేస్తాడు. అప్పుడు వచ్చే 36AAACB0000B1ZU అన్న నంబర్ ఎవరిదీ కాదు, పోర్టల్ ఒప్పుకోదు. నంబర్‌ను ఎప్పుడూ పూర్తిగా, టైప్ చేసి, కాపీ చేసుకునేలా ఇవ్వండి. బొమ్మగా, స్క్రీన్‌షాట్‌గా ఇవ్వొద్దు.

ఈ చెక్ డిజిట్ వల్లే ఇంకో సంగతి తేలుతుంది. ఒక అంకె తారుమారైన నంబర్‌ను ఈ-ఇన్వాయిస్ పోర్టల్ సాధారణంగా లోపలికే రానివ్వదు. కాబట్టి ఐఆర్ఎన్ ఉన్న బిల్లు మీద తప్పు నంబర్ ఉందంటే, అది దాదాపు ఎప్పుడూ ఎవరిదో ఒకరి అసలు నంబరే అయి ఉంటుంది: మన ఇంకో బ్రాంచ్‌ది, మన సోదర కంపెనీది, లేదా వెండర్ సాఫ్ట్‌వేర్ జాబితాలో మన పేరు పక్కన ఉన్న ఇంకో కస్టమర్‌ది. ఎవరిదో తెలిస్తేగానీ మెయిల్ సరిగ్గా రాయలేం. www.gst.gov.in సైట్‌లో లాగిన్ అవసరం లేకుండానే Search Taxpayer కింద నంబర్ కొట్టి చూడండి. పేరు, రాష్ట్రం, రిజిస్ట్రేషన్ అమల్లో ఉందో రద్దయిందో అన్నీ వస్తాయి. అది పూర్తిగా బయటి కంపెనీ నంబర్ అయితే తొందర ఎక్కువ, ఎందుకంటే మన క్రెడిట్ వాళ్ల ఖాతాలో కనపడుతుంది, వాళ్లతో మనకు మాటల్లేవు.

రెండో అడుగు: తప్పు ఎక్కడ పుట్టిందో చూడండి

మెయిల్ రాసే ముందు మన పర్చేజ్ ఆర్డర్ తీసి చూడాలి. ‘బిల్ టు’ కింద ఏ నంబర్ ఉంది? ఒక్కోసారి పర్చేజ్ వాళ్లే విజయవాడ టెంప్లేట్ మీద ఆర్డర్ టైప్ చేసి ఉంటారు. అప్పుడు వెండర్ చేసింది తప్పేం కాదు. ‘మీరు తప్పు నంబర్ వేశారు’ అని మెయిల్ పెడితే, ఆయన మన ఆర్డర్ కాపీనే తిరిగి పంపి నోరు మూయిస్తాడు. ఆర్డర్‌లో మన పొరపాటే ఉంటే సవరించిన ఆర్డర్ ముందు తెప్పించుకుని, దాన్ని మెయిల్‌కు జతచేసి, ‘మా ఆర్డర్‌లో పొరపాటు జరిగింది’ అని సూటిగా ఒప్పుకోండి. మన కేసులో ఆర్డర్ సరిగ్గానే ఉంది. వెండర్ టాలీలో మన కంపెనీ పేరున పాత విజయవాడ లెడ్జర్ ఉంది, దాన్నే ఎంచుకున్నారు.

ఆ లెడ్జర్ ఎంచుకోవడంతో ఇంకోటి కూడా జరిగింది. కొన్నవారు ఆంధ్రప్రదేశ్ వాళ్లని సాఫ్ట్‌వేర్ అనుకుంది కాబట్టి ఐజీఎస్టీ వేసింది. నిజానికి బాలానగర్ నుంచి జీడిమెట్లకు, తెలంగాణ నంబర్ మీద అమ్మకం. దానికి సీజీఎస్టీ ₹21,600, ఎస్‌జీఎస్టీ ₹21,600 పడాలి. చాలా మంది క్లర్కులు మెయిల్‌లో నంబర్ గురించే రాసి దీన్ని వదిలేస్తారు. అలా వదిలేస్తే 36 నంబర్ మీద ఐజీఎస్టీతో ఇంకో తప్పు బిల్లు వచ్చి కూర్చుంటుంది.

మూడో అడుగు: గడియారం చూడండి

బిల్లు పైభాగంలో ఐఆర్ఎన్ పక్కనే Ack Date అని తేదీ, టైమ్ ఉంటాయి. లెక్క అక్కడి నుంచి మొదలు.

అది దాటి 24 గంటలు కాకపోతే పని తేలిక. వెండర్ పోర్టల్‌లో ఐఆర్ఎన్‌ను రద్దు చేసి, కొత్త బిల్లు చేయవచ్చు. ఈ-వే బిల్లు కూడా తీసి ఉంటే దానికీ రద్దు గడువు 24 గంటలే. ఇక్కడ వెండర్లు తరచూ ఇబ్బందిపడేది ఒక్క చోటే. రద్దు చేసిన బిల్లు నంబర్‌తోనే మళ్లీ ఐఆర్ఎన్ తీయబోతారు, పోర్టల్ ఇవ్వదు. ఐఆర్ఎన్ అన్న ఆ 64 అక్షరాల వరస అమ్మినవారి జీఎస్టీ నంబర్, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, పత్రం నంబర్ కలిపి లెక్క కడితే వచ్చేది. అందులో కొన్నవారి నంబర్ లేదు. కొన్నవారిని మార్చినా బిల్లు నంబర్ అదే అయితే వచ్చేది అదే ఐఆర్ఎన్, అది అప్పటికే రద్దయి ఉంది. కాబట్టి బిల్లు నంబర్ కొత్తది వేయక తప్పదు.

24 గంటలు దాటి, వెండర్ ఆ నెల అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 ఇంకా వేయకపోతే, అది రెండో దశ. మన కేసు ఇదే. నెలనెలా వేసేవారికి జూన్ రిటర్న్ గడువు జూలై 11. ఐఆర్ఎన్ రద్దు కాదు. కానీ జూన్ నెల ఇంకా చేతిలోనే ఉంది. పాత బిల్లుకు జూన్ తేదీతోనే పూర్తి మొత్తానికి క్రెడిట్ నోట్, దాంతోపాటు కొత్త బిల్లు ఇస్తే, రెండూ ఒకే రిటర్న్‌లో వెళ్లి వెండర్ మీద అదనపు పన్ను భారం పడదు. కొందరు ఆడిటర్లు క్రెడిట్ నోట్ వద్దని, జీఎస్టీఆర్-1లోకి తనంతట తాను వచ్చిన పాత బిల్లును ఫైల్ చేసే ముందు అక్కడే తీసేస్తామని అంటారు. అదీ కుదురుతుంది. నాకైతే క్రెడిట్ నోట్ దారే నచ్చుతుంది. రెండువైపులా కాగితం ఉంటుంది, రేపు ఆడిట్‌లో ఎవరికీ కథ చెప్పాల్సిన పని ఉండదు. వెండర్ ఆడిటర్ రెండో దారే పట్టుబడితే, ‘పాత బిల్లును రిటర్న్‌లో చూపించం’ అని మెయిల్‌లో రాయించుకోండి.

జీఎస్టీఆర్-1 వేసేశాక తెలిస్తే మూడో దశ. తప్పు అప్పటికే 37 నంబర్ ఖాతాలోకి వెళ్లిపోయింది. 2024లో వచ్చిన జీఎస్టీఆర్-1ఎ ఫారంతో అదే నెలలో సవరించుకోవచ్చు కదా అని వెండర్ అనొచ్చు. కొన్నవారి జీఎస్టీ నంబర్ మార్పు అందులో కుదరదు, తర్వాతి నెల జీఎస్టీఆర్-1లోనే చేయాలి. తర్వాతి నెలలో పాత బిల్లును సవరించే పట్టిక ఉంది గానీ, మన కేసులో పన్ను రకమే మారుతోంది. అందువల్ల ఇక్కడ కూడా క్రెడిట్ నోట్, కొత్త బిల్లు పద్ధతే శుభ్రంగా ఉంటుంది. మన క్రెడిట్ మాత్రం ఒక నెల వెనక్కి జరుగుతుంది. 2025-26 సంవత్సరపు బిల్లుల మీద క్రెడిట్ తీసుకోవడానికి చివరి గడువు 2026 నవంబర్ 30, లేదా మన వార్షిక రిటర్న్ వేసిన రోజు, ఏది ముందైతే అది. వెండర్ ఇచ్చిన క్రెడిట్ నోట్‌తో తన పన్ను తగ్గించుకోవడానికీ అలాంటి గడువే ఉంది. ఆ సంగతి ఆయనకు గుర్తుచేస్తే పని చురుగ్గా కదులుతుంది.

ఈ-ఇన్వాయిస్ పరిధిలో లేని చిన్న వెండర్ అయితే, రిటర్న్ వేయనంతవరకు తన పుస్తకాల్లోనే పాత బిల్లును రద్దుచేసి కొత్తది ఇస్తే సరిపోతుంది. మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవారైతే, ఆ నెల బిల్లు ఇప్పటికే అప్‌లోడ్ చేశారో లేదో అడగండి.

నాలుగో అడుగు: మెయిల్

ముందు ఒక ఫోన్ చేయడం మంచిదే. కానీ ఫోన్‌తో వదలొద్దు. ఫోన్‌లో సాధారణంగా వచ్చే మాట ఇది: ‘మేడమ్, నంబర్ పెన్నుతో దిద్ది, స్టాంప్ వేసి స్కాన్ పంపిస్తా, సరిపోతుంది కదా?’ ‘సరిపోదండీ, పోర్టల్‌లో పాత నంబరే ఉంటుంది. వివరంగా మెయిల్ పెడతాను, మీ ఆడిటర్ గారికి అలాగే ఫార్వర్డ్ చేయండి’ అనండి. ఈ మెయిల్‌ను చివరికి చదివేది ఆడిటరే. అందుకని ఆయనకు కావాల్సినవన్నీ అందులోనే ఉండాలి.

> సబ్జెక్ట్: ఇన్వాయిస్ HR/25-26/0412 (18-06-2025): మా జీఎస్టీ నంబర్ తప్పు, క్రెడిట్ నోట్, కొత్త ఇన్వాయిస్ 28-06-2025 లోపు కావాలి
>
> నమస్కారం అండీ,
>
> మీరు పంపిన ఇన్వాయిస్ HR/25-26/0412, తేదీ 18-06-2025 (పన్ను కాక ₹2,40,000, ఐజీఎస్టీ ₹43,200, మొత్తం ₹2,83,200)లో మా జీఎస్టీ నంబర్ తప్పుగా పడింది. సరుకు విషయంలో ఏ ఇబ్బందీ లేదు. ర్యాక్‌లన్నీ 19-06-2025న మా జీడిమెట్ల గోదాముకు సరిగ్గా అందాయి.
>
> ఇన్వాయిస్‌లో ఉన్న నంబర్: 37AAACB0000B1ZU (ఇది మా విజయవాడ బ్రాంచ్‌ది)
> ఉండాల్సిన నంబర్: 36AAACB0000B1ZW (తెలంగాణ, జీడిమెట్ల గోదాము దీని కిందే ఉంది)
>
> మా పర్చేజ్ ఆర్డర్ JD/PO/118లో 36 నంబరే ఉంది. ఆర్డర్, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, మీ ఇన్వాయిస్ కాపీలు జతచేశాను.
>
> ఐఆర్ఎన్ వచ్చి 24 గంటలు దాటింది కాబట్టి దాన్ని రద్దు చేయడం వీలుకాదు. దయచేసి ఇలా చేయగలరు:
>
> 1. పాత ఇన్వాయిస్ పూర్తి మొత్తానికి, అదే 37 నంబర్ మీద, జూన్ నెల తేదీతో క్రెడిట్ నోట్ ఇవ్వండి. అందులో పాత ఇన్వాయిస్ నంబర్, తేదీ రాయండి.
> 2. 36AAACB0000B1ZW మీద కొత్త నంబర్‌తో, మీరు ఇచ్చే రోజు తేదీతో కొత్త ఇన్వాయిస్ ఇవ్వండి. ప్లేస్ ఆఫ్ సప్లై తెలంగాణ. ఐజీఎస్టీ బదులు సీజీఎస్టీ ₹21,600, ఎస్‌జీఎస్టీ ₹21,600. మొత్తం ₹2,83,200లో మార్పు లేదు.
> 3. కొత్త ఇన్వాయిస్ రిమార్క్స్‌లో ‘సరుకు 19-06-2025న ఇన్వాయిస్ HR/25-26/0412తో డెలివరీ అయింది’ అని, పాత ఈ-వే బిల్లు నంబర్‌తో సహా రాయండి.
>
> రెండూ 28-06-2025 లోపు అందితే జూన్ జీఎస్టీఆర్-1లోనే సర్దుకుంటాయి, మీకు పన్ను భారం పడదు.
>
> పేమెంట్: పన్ను కాక ఉన్న ₹2,40,000 మామూలు గడువుకే చెల్లిస్తాం. ₹43,200 కొత్త ఇన్వాయిస్ మా జీఎస్టీఆర్-2బిలో కనపడ్డాక వచ్చే పేమెంట్‌లో కలిపి ఇస్తాం.
>
> మీ ఆడిటర్ గారు వేరే పద్ధతి చెబితే ఇన్వాయిస్ చేసే ముందు నాకు ఒక్క మాట చెప్పండి.
>
> అకౌంట్స్ విభాగం
> (పేరు, ఫోన్ నంబర్)

ఇందులో ఒకట్రెండు వాక్యాల గురించి కొంచెం చెప్పాలి.

‘సరుకు విషయంలో ఏ ఇబ్బందీ లేదు’ అన్నది మర్యాదకు రాసింది కాదు. బిల్లు వెనక్కి వచ్చిందంటే వెండర్‌కు ముందు తోచేది, సరుకులో వంక పెట్టి డబ్బు ఆపుతున్నారని. ఆ అనుమానం మొదటి పేరాలోనే తీర్చేస్తే మిగతాది ప్రశాంతంగా చదువుతాడు. పైగా క్రెడిట్ నోట్ అడుగుతున్నాం కాబట్టి, సరుకు వాపసు వస్తోందేమో అని స్టోర్స్ వాళ్లు గాభరాపడకుండా ఉంటారు.

మెయిల్‌లో ‘రివైజ్డ్ బిల్లు పంపండి’ అని ఎక్కడా లేదు, కావాలనే. ఆ మాట రాస్తే సగం మంది అదే బిల్లు నంబర్, అదే తేదీతో పీడీఎఫ్‌ను దిద్ది పంపేస్తారు. ఏ పత్రం, ఎవరి నంబర్ మీద, ఏ తేదీతో అన్నది విడివిడిగా చెబితే ఊహించుకోవడానికి చోటుండదు. పాత తేదీ వేయమని కూడా అడగొద్దు. జూన్ 24న చేసిన బిల్లుకు జూన్ 24 తేదీయే ఉండాలి. సరుకు ముందే దిగిందన్న సంగతి రిమార్క్స్ చెబుతుంది.

పేమెంట్ పేరా లేకుండా ఈ మెయిల్ పంపొద్దు. వెండర్ సూక్ష్మ లేదా చిన్న తరహా సంస్థగా ఉద్యమ్‌లో నమోదై ఉంటే, ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోపు చెల్లించాలి. బిల్లులో నంబర్ తప్పుందని ఆ గడియారం ఆగుతుందని అనుకోవడం ప్రమాదం. ఎంఎస్ఎంఈ చట్టంలో రోజులు వెనక్కి జరిగేది సరుకు లేదా సేవ విషయంలో 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పినప్పుడు. మనమేమో సరుకు బాగుందని రాసిచ్చాం. పన్ను మొత్తాన్ని ఆపడం మార్కెట్‌లో మామూలే, వెండర్లు పెద్దగా ఎదురుచెప్పరు. కానీ అదైనా 45 రోజులు దాటనివ్వకుండా బిల్లు తెప్పించుకోవడం మన పని.

24 గంటల లోపే పట్టుకుంటే మెయిల్ ఇంత పొడుగు అక్కర్లేదు. మూడు అంశాల బదులు ఇలా రాస్తే చాలు: ‘ఐఆర్ఎన్ తేదీ 18-06-2025 సాయంత్రం 4.10. రేపు సాయంత్రం 4.10 లోపు దాన్ని పోర్టల్‌లో రద్దుచేసి, కొత్త నంబర్‌తో ఇన్వాయిస్ పంపగలరు. ఈ-వే బిల్లు సంగతి కూడా చూడగలరు.’ పంపిన వెంటనే ఫోన్ కూడా చేయండి. సాయంత్రం వచ్చిన మెయిల్‌ను మర్నాడు మధ్యాహ్నం తెరిచే ఆఫీసులు చాలా ఉన్నాయి.

అయిదో అడుగు: వచ్చిన పత్రాలను పరీక్షించండి

అసలు పట్టు ఇక్కడే కావాలి. కొత్త బిల్లు వచ్చింది, పైన 36 నంబర్ కనపడింది, హమ్మయ్య అని ఎంట్రీ కొట్టేయొద్దు. కాగితం మీద నంబర్ మార్చడం ఎవరికైనా అయిదు నిమిషాల పని. క్యూఆర్ కోడ్‌ను మార్చలేరు. అది పోర్టల్ డిజిటల్ సంతకం చేసి ఇచ్చింది, అందులో అమ్మినవారి, కొన్నవారి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబర్, తేదీ, మొత్తం, ఐఆర్ఎన్ అన్నీ ఉంటాయి. ప్రభుత్వ ఈ-ఇన్వాయిస్ వెరిఫై యాప్‌తో స్కాన్ చేయండి. పైన 36 ఉండి, స్కాన్‌లో 37 వస్తే అది దిద్దిన పీడీఎఫ్. యాప్ చేతిలో లేకపోయినా ఒక గుర్తుంది: కొత్త బిల్లు మీది ఐఆర్ఎన్ పాతదానితో పోల్చండి. రెండూ ఒకటే అయితే పోర్టల్ దగ్గర ఏమీ మారలేదన్నమాట.

క్రెడిట్ నోట్‌లో చూడాల్సింది దానికి తలకిందులు. అందులో 37 నంబరే ఉండాలి, ఐజీఎస్టీ ₹43,200 ఉండాలి. జాగ్రత్త పేరుతో కొందరు క్రెడిట్ నోట్‌ను కూడా 36 మీద చేస్తారు. అలా చేస్తే విజయవాడ ఖాతాలో పాత బిల్లు అలాగే మిగిలిపోయి, మన ఖాతాలో బిల్లు లేకుండానే ఒక క్రెడిట్ నోట్ వచ్చి మన క్రెడిట్‌ను తగ్గిస్తుంది. ఒక తప్పును రెండు చేసినట్టు.

ఆరో అడుగు: మన ఇంట్లో చేయాల్సింది

విజయవాడ అకౌంట్స్ వాళ్లకు ఒక చిన్న మెయిల్ పెట్టండి: ఫలానా బిల్లు మీ నంబర్ మీద పొరపాటున వచ్చింది, ఎంట్రీ చేయొద్దు, క్రెడిట్ నోట్ వస్తోంది. ఇది చెప్పకపోతే, వాళ్లు పోర్టల్‌లో వచ్చిన బిల్లులను ఒప్పుకునే, తిరస్కరించే ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో తమకు తెలియని బిల్లు, తెలియని క్రెడిట్ నోట్ చూసి ఏదో ఒకటి రిజెక్ట్ కొడతారు. క్రెడిట్ నోట్‌ను రిజెక్ట్ చేస్తే వెండర్ తగ్గించుకున్న పన్ను తిరిగి ఆయన మీద పడుతుంది. అప్పుడు ఫోన్ మనకే వస్తుంది. రెండూ ఒకే నెలలో వస్తే రెండింటినీ అలాగే ఉంచితే చాలు, ఒకదానికొకటి సరిపోయి సున్నా అవుతుంది.

మన పుస్తకాల్లో, కొత్త బిల్లు వచ్చేవరకు సరుకు అందినట్టు స్టోర్స్ రసీదు ఉంటుంది గనక ₹2,40,000 మాత్రమే ప్రొవిజన్‌గా పెట్టండి. పన్నును క్రెడిట్ లెడ్జర్‌లోకి తీసుకోవద్దు. కొత్త బిల్లు రాగానే ప్రొవిజన్ తిరగేసి, కొత్త నంబర్‌తో ఎంట్రీ చేయండి. పాత బిల్లు, క్రెడిట్ నోట్, కొత్త బిల్లు, ఈ మెయిల్ మొత్తం ఒకే వోచర్ వెనక ఉండాలి.

28వ తేదీ వచ్చినా జవాబు లేకపోతే రెండో మెయిల్‌లో పాత కథంతా మళ్లీ రాయకండి. మొదటి మెయిల్‌కే రిప్లై కొట్టి, మన పర్చేజ్ మేనేజర్‌ను కాపీలో పెట్టి, ‘జూలై 11 తర్వాత ఇదే సవరణ మీకు ఇంకో నెలకు జరుగుతుంది, అప్పటిదాకా ₹43,200 ఆగుతుంది’ అని రెండు వాక్యాలు రాయండి. కొత్త ఆర్డర్లు ఇచ్చేది పర్చేజ్ వాళ్లు కాబట్టి, కాపీలో ఆ పేరు కనపడితే వెండర్ తొందరగా కదులుతాడు.

జూలై 14న జూన్ నెల జీఎస్టీఆర్-2బి వస్తుంది. ఆ రోజు తెలంగాణ లాగిన్‌లో కొత్త బిల్లు నంబర్ ఎదురుగా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరో ₹21,600, విజయవాడ లాగిన్‌లో పాత బిల్లు, క్రెడిట్ నోట్ జంటగా ఉన్నాయో లేదో చూడండి. ఉంటే ఆపిన ₹43,200 పేమెంట్ లిస్ట్‌లో పెట్టేయండి. కొత్త బిల్లు కనపడకపోతే, జూలై 20న వేసే జీఎస్టీఆర్-3బిలో ఆ క్రెడిట్ కలపకుండా, వెండర్‌కు ఆ రోజే ఫోన్ చేయండి.